డాలస్‌లోని మెంటర్‌ని మీటింగ్ అడగాలంటే: ఏది మేలు?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, డాలస్‌లో ఉన్న ఒక సీనియర్‌తో ఇరవై నిమిషాలు మాట్లాడాలనుకుంది. అడగడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, "సార్, మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని రాయడం. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది కానీ పనంతా ఆయన మీదే పడుతుంది. క్యాలెండర్ చూసుకోవాలి, మన టైముతో లెక్క కట్టుకోవాలి, మళ్లీ జవాబు రాయాలి. "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టిన మెయిల్ అక్కడే ఉండిపోతుంది.

రెండోది, మన ఖాళీ టైములు చూపించి వాటిలో ఒకటి ఎంచుకోనిచ్చే బుకింగ్ లింక్ పంపడం. ఆయనే తన లింక్ ఇస్తే అంతకంటే సుఖం లేదు, మారుమాట లేకుండా వాడుకోవచ్చు. సహాయం అడిగేవాళ్లు తమ లింక్ పంపి "ఇందులో బుక్ చేసుకోండి" అనడం మాత్రం నాకు కాస్త ఎబ్బెట్టుగానే అనిపిస్తుంది.

మూడోది, రెండు మూడు టైములు ఆయన గడియారం ప్రకారం రాసి పంపడం. నా ఓటు దీనికే. ఉదాహరణకు ఇలా:

"నమస్తే సార్. డేటా ఇంజనీరింగ్‌లోకి మారాలా, ఇప్పుడున్న టెస్టింగ్‌లోనే కొనసాగాలా అన్న ఒక్క విషయం మీద మీ సలహా కావాలి. 20 నిమిషాలు చాలు. నవంబర్ 4 బుధవారం ఉదయం 8 గంటలకు గానీ, 7 శనివారం ఉదయం 9 గంటలకు గానీ (రెండూ డాలస్ టైమే) వీలవుతుందా? కుదరకపోతే మెయిల్‌లో రెండు ముక్కలు రాసినా చాలు."

దీనికి "బుధవారం ఓకే" అంటే సరిపోతుంది. ఆ చివరి వాక్యం తీసేయొద్దు. మొహమాటపడకుండా కాదనడానికి ఆయనకు దారి ఇచ్చేది అదే.

ఈ పద్ధతిలో దెబ్బతినేది లెక్క దగ్గర. వేసవిలో మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, 2026లో అది నవంబర్ 1. అక్కడి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు. అంటే పై మెయిల్‌లోని ఉదయం 8 మనకు రాత్రి ఏడున్నర. అక్టోబర్‌లో కూర్చుని పాత లెక్కే వేసుకుంటే సాయంత్రం ఆరున్నరకే కాల్‌లో చేరి గంటసేపు ఎదురుచూడాలి. శీతాకాలంలో ఉదయం 9 అడిగి పాత లెక్కే నమ్ముకున్నా అంతే. మార్చిలో ఇదే తిరగబడుతుంది: మనం గంట ఆలస్యంగా చేరతాం, ఎదురుచూసేది ఆయన. అది మరీ ఇబ్బంది.

తేదీని 4/11 అని అంకెల్లో రాయొద్దు, అక్కడివాళ్లు ఏప్రిల్ 11 అని చదువుతారు. నెల పేరు, వారం రెండూ రాయాలి. ఆయన సరేననగానే క్యాలెండర్ ఇన్వైట్ మనమే పంపాలి, ఎవరి టైములో వాళ్లకు అదే చూపిస్తుంది. దాన్ని డాలస్ టైములోనే పెడితే, అందులో మనకు కనిపించే టైమూ మన లెక్కా కలవకపోతే, తప్పు ఇన్వైట్ పంపకముందే దొరికినట్టు.