ఓవర్‌బుకింగ్ రాత్రి: సాయంత్రమే ఫోన్ చేయడం మేలా, అర్ధరాత్రి దాకా చూడడం మేలా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు అరవై గదుల హోటల్ ఒకటి అనుకుందాం. ఎల్లుండి దాకా ఉండేవాళ్లు 41 గదుల్లో ఉన్నారు, బాత్రూం లీకేజీతో ఒక గది మూసేశారు. చేతిలో ఉన్నవి 18. ఈ రోజు రావాల్సిన బుకింగులు 22. అంటే నాలుగు గదులు తక్కువ.

గాబరా పడేముందు అరైవల్ లిస్టును ఒకసారి పేరుపేరునా చూడాలి. ఒకే మనిషికి ఆఫీసు వాళ్లొకటి, అతనే యాప్‌లో ఇంకొకటి బుక్ చేసుకోవడం మామూలే. అలాంటిది ఒకటి తేలింది. డబ్బు కట్టని బుకింగులు ఐదుంటే, నాలుగింటికల్లా ఐదుగురికీ ఫోన్ చేస్తే ఇద్దరు రావట్లేదన్నారు. ఇక తక్కువైంది ఒక్క గదే.

ఇక్కడే రెండు దారులు. ఒకటి, ఎవరో ఒకరు రాకపోతారులే అని ఎదురుచూడడం. రెండోది, ఆరింటికల్లా ఒక గెస్టును ఎంచుకుని, ఆయన దారిలో ఉండగానే వేరే హోటల్లో గది చూడడం.

ఎదురుచూస్తే ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండా గట్టెక్కుతాం, నిజమే. కానీ ఫోన్లు చేయనంత వరకే ఆ ఆశకు అర్థం. చేశాక మిగిలినవాళ్లు వస్తామన్నవాళ్లో, ముందే డబ్బు కట్టినవాళ్లో. పైగా మన ఊళ్లవాళ్ల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో రాత్రి బస్సెక్కి తెల్లారి ఆరింటికి దిగేవాళ్లు, దిగగానే గది కావాలని ముందు రాత్రికే బుక్ చేసుకుంటారు. పన్నెండైనా రాలేదని నో-షో కొట్టి ఆ గది ఇచ్చేస్తే, పొద్దున్నే సామానుతో లాబీలో నిలబడతారు.

డబ్బు లెక్క కూడా చూడండి. మన గెస్టు 4,500 గదికి 5 శాతం జీఎస్టీతో కలిపి 4,725 ముందే కట్టాడు. సాయంత్రం ఆరింటికి దగ్గర్లోని సమాన స్థాయి హోటల్లో గది 5,800కి దొరికింది, పన్నుతో 6,090. రానూపోనూ క్యాబ్ 600. మొత్తం 6,690. అదే పదకొండున్నరకు మిగిలింది 8,200 గది ఒక్కటే అయితే? రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం కాబట్టి గదికే 9,676 అవుతుంది. అద్దె పెరిగింది 2,400 అయితే, బిల్లు పెరిగింది 3,586.

కాబట్టి ఒక్క గదే తక్కువై, ఫోనుకు దొరకని, డబ్బు కట్టని బుకింగులు రెండు మూడు మిగిలితేనే చూడొచ్చు, అదీ ఎనిమిది దాకా. మిగతా రోజుల్లో ఆరింటి ఫోనే మేలు.

ఎవరిని పంపాలి? ఒక్క రాత్రికి, ఒంటరిగా, పనిమీద వచ్చే మగవాళ్లను ముందు చూడండి. పిల్లలున్నవాళ్లను, పెద్దవాళ్లను, రాత్రిపూట ఒంటరిగా వచ్చే ఆడవాళ్లను, ఎప్పుడూ మన దగ్గరే దిగేవాళ్లను కదపకూడదు. తక్కువ రేటుకు బుక్ చేసుకున్నాడని ఎంచుకోవడం చాలా డెస్కుల్లో ఉంది కానీ, అది సరైన కొలత కాదు.

ఫోన్లో మాట సూటిగా ఉండాలి: “నమస్కారమండీ, మీ గది విషయంలో మా వైపు పొరపాటు జరిగింది. కిలోమీటరు దూరంలో ఇదే స్థాయి హోటల్లో గది తీసి ఉంచాం, అక్కడ మీరేమీ కట్టనక్కర్లేదు, క్యాబ్ మేమే పంపుతాం. వద్దంటే మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం.” గదిలో రిపేరని అబద్ధం చెప్పకండి.

ఇక పరిహారం. తేడా మాత్రమే మనం భరించడమా, మొదటి రాత్రి పూర్తిగా ఇవ్వడమా? తేడా అయితే ఆయన కట్టిన 4,725 మన దగ్గరే ఉంటుంది, చేతినుంచి పడేది 1,965. పూర్తిగా అయితే ఆ డబ్బు తిరిగిచ్చి 6,690 మనమే పెట్టుకోవాలి. సాయంత్రమే చెప్పి, ఆయన ఒప్పుకుంటే తేడా, క్యాబ్ చాలు. కౌంటర్ దగ్గరకు వచ్చాక చెప్పాల్సివస్తే మాత్రం మొదటి రాత్రి పూర్తిగా ఇవ్వాల్సిందే, బేరం పెట్టకూడదు. వచ్చేసారి వాడుకోమనే డిస్కౌంట్ కూపన్ రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు. కోపంగా ఉన్న మనిషికి అది మళ్లీ ఇక్కడికే రమ్మనడంలా వినిపిస్తుంది.

పని చెడేది ఎక్కువగా అవతలి కౌంటర్లో. గది అద్దె, పన్ను, టిఫిన్ బిల్లు మాకు పంపండని మెయిల్లో రాయించి, ఆ హోటల్ జవాబు వచ్చాకే క్యాబ్ ఎక్కించాలి. లేకపోతే అక్కడ డిపాజిట్ అడుగుతారు, అలసిపోయిన మనిషి రెండోసారి నిలబడాలి. యాప్ బుకింగ్ అయితే పంపేముందే వాళ్లకు చెప్పండి. మన సిస్టంలో నో-షో అని పొరపాటున పడితే ఆయన డబ్బు పోతుంది, గొడవ మనమీదికొస్తుంది. విదేశీయుడైతే ఆయన బస గురించి ప్రభుత్వానికి పెట్టాల్సిన ఫారం, పడుకున్న హోటలే 24 గంటల్లో పెట్టాలి, మనం కాదు.

రెండు రాత్రుల బుకింగైతే రెండోరోజు పదింటికే గది నంబరు కేటాయించి, ఫోన్ చేసి, వస్తారా అక్కడే ఉంటారా అని అడగండి. అక్కడే ఉంటానంటే ఆ రాత్రి డబ్బు వెనక్కి ఇచ్చేయాలి.