నూకల మీద నష్టమా? తూకం లెక్క, ధర లెక్క: ఏది మేలు?

రైస్ మిల్లు లెక్కలు చూసేవాళ్లకి ఈ తలనొప్పి తెలిసిందే. హాపర్‌లో పోసేది ఒక్క వడ్లే, అవతల బియ్యం, నూకలు, తవుడు, ఊక నాలుగూ వస్తాయి. వడ్ల ఖర్చు ఎవరి నెత్తిన ఎంత వేయాలి?

లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు నేనే వేసుకుంటున్నా. 100 క్వింటాళ్ల వడ్లు 2,40,000, మర ఆడించిన ఖర్చు 10,000. బియ్యం 52 క్వింటాళ్లు, క్వింటా 4,500 చొప్పున 2,34,000. నూకలు 13 క్వింటాళ్లు, 2,000 చొప్పున 26,000. తవుడు, ఊక కలిపి 20,000 వచ్చాయి. ఈ రెండూ ఉప ఉత్పత్తులు, వీటి కోసం ఎవరూ మిల్లు పెట్టరు కాబట్టి వాటి డబ్బు ఖర్చులోంచి తీసేస్తాం. బియ్యం, నూకలు పంచుకోవాల్సింది 2,30,000.

తూకం ప్రకారం పంచితే 52కి 13, అంటే నాలుగుకి ఒకటి. నూకల మీద 46,000 పడుతుంది, అమ్మితే వచ్చేది 26,000. కాగితం మీద 20,000 నష్టం! ఇది చూసి మా ఓనరు ఒకసారి "నూకలు మానేద్దామా" అన్నాడు. మానేయడానికి అదేమన్నా విడిగా చేస్తున్నామా, గింజ విరిగితే అదే నూక. పారబోస్తే మొత్తం లాభం 30,000 కాస్తా 4,000కి దిగుతుంది.

అమ్మకం విలువ ప్రకారం అయితే తొమ్మిదికి ఒకటి. బియ్యానికి 2,07,000, నూకలకి 23,000, లాభం 27,000, 3,000. నెలాఖరు సరుకు విలువ కట్టడానికి నా ఓటు దీనికే. కానీ రెండింటికీ అమ్మకం మీద లాభం ఒకేలా, సుమారు 11.5 శాతమే వస్తుంది, ఎందుకంటే మనం పంచిందే అలా. ఏ సరుకు బాగా మిగులుస్తోందో ఈ లెక్క చెప్పదు.

నూకల్ని పిండి పట్టించి అమ్మాలా అన్న ప్రశ్నకి ఈ రెండు పద్ధతులూ అక్కర్లేదు. క్వింటాకి 400 అదనపు ఖర్చు పెడితే ధర 600 పెరుగుతుందా? అయితే పట్టించండి. 2,30,000 ఎలా పంచినా అది ఎప్పుడో అయిపోయిన ఖర్చు.

ఎక్కువ మంది తప్పు చేసేది అసలు పంపకంలో కాదు, ఎక్కడ విడిపోయాయో చూసుకోవడంలో. ఊక షెల్లర్ దగ్గరే విడిపోతుంది, తవుడు పాలిషర్ దగ్గర, నూకలు గ్రేడర్ దగ్గర. గ్రేడర్ దాటాక బియ్యాన్ని మాత్రమే సార్టెక్స్‌లో వేస్తే ఆ కరెంటు, ఆ బస్తాలు బియ్యం ఖర్చే, దాన్ని ఉమ్మడిలో కలిపితే నూకలు ఉత్తపుణ్యానికి మోస్తాయి. అలాంటప్పుడు బియ్యం అమ్మకం ధరలోంచి ముందు ఆ ఖర్చు తీసేసి, మిగిలిన విలువ మీద పంచాలి. మా పాత షీట్లో సార్టెక్స్ బిల్లు రెండేళ్లు ఉమ్మడి ఖర్చులోనే ఉంది, బస్తాలు కూడా.