వెతికే మాటను బట్టి టైటిల్: చాలాకాలం వాడాక నా సమీక్ష

బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ అక్కా నేనూ ఒక తెలుగు వంట చానల్ నడుపుతున్నాం. వంటా మాటలూ అక్కవి, ఎడిటింగూ టైటిళ్లూ నావి. వీడియో వెతికే మనిషి నేర్చుకోవాలనుకుంటున్నాడా, కొనాలనుకుంటున్నాడా, రెండిటిని పోల్చుకుంటున్నాడా, ఊరికే చూడాలనుకుంటున్నాడా అన్నది తేల్చుకున్నాకే టైటిల్ రాయడం మా పద్ధతి. ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో మా ఇడ్లీ పిండి వీడియోతో చెబుతాను.

అందులో అక్క ఒకే కొలత మినపప్పును సగం మిక్సీలో, సగం రెండు లీటర్ల గ్రైండర్‌లో రుబ్బింది. రెండు పిండ్ల నుంచీ చెరో బొట్టు నీళ్లలో వేసి, ఏది తేలుతుందో చూపించింది. గ్రైండర్‌లో రాయి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి వేడెక్కదు, గాలి బాగా కలిసి గుల్లగా వస్తుంది. మిక్సీలో ఆ పని కావాలంటే చల్లని నీళ్లు పోస్తూ, మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బాలి. మొదటి టైటిల్ "ఇడ్లీ పిండి ఎలా రుబ్బాలి? మిక్సీ, గ్రైండర్".

యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో Analytics తెరిచి, ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే చోట YouTube search నొక్కితే, జనం ఏ మాటలు టైప్ చేసి వచ్చారో కనిపిస్తుంది. పక్కనే ఆ మాటతో వచ్చినవాళ్లు సగటున ఎంతసేపు చూశారో కూడా ఉంటుంది. నాకు ఎక్కువ పనికొచ్చేది ఈ రెండో అంకే. మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. idli pindi ela rubbali అని వెతికినవాళ్లు మొదటి నిమిషంలోనే వెళ్లిపోతున్నారు. mixie vs grinder idli batter అని వెతికినవాళ్లు నీళ్లలో బొట్టు వేసేదాకా ఉంటున్నారు.

కారణం వీడియోలోనే ఉంది. ela అని అడిగిన మనిషి అప్పటికే పప్పు నానబెట్టి వంటింట్లో నిలబడి ఉంటాడు. ఒక కప్పు మినపప్పుకి రెండు కప్పుల ఇడ్లీ రవ్వ అనీ, నీళ్లు ఎప్పుడు ఎంత పోయాలో అనీ వెంటనే వినాలి. మేమేమో రెండు యంత్రాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాం. అందుకే టైటిల్‌ని "మిక్సీ vs గ్రైండర్: ఏ ఇడ్లీ పిండి తేలింది?" అని మార్చాను. ఎలా రుబ్బాలో చెప్పే వీడియో విడిగా, నానబెట్టిన పప్పుతోనే మొదలయ్యేలా తీశాం.

క్లిక్కులు పెరగాలని నేను "కొనే ముందు చూడండి" అని కూడా కలుపుదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఒరేయ్, ఏ మోడల్ కొనాలో మనం ఎక్కడా చెప్పలేదు కదరా. అది చూసి వచ్చినవాళ్లకి ఏం చూపిస్తావు?" అంది. ఆమె మాటే సరైనది. పోల్చుకునేవాడు ఇంకా మిక్సీ సరిపోతుందా, గ్రైండర్ కావాలా అన్న దగ్గరే ఉన్నాడు. కొనేవాడు ఆ మెట్టు దాటేశాడు. అతను టైప్ చేసేది 2 litre grinder review, under 5000 లాంటివి. అతనికి ధర, గట్టు మీద అది ఎంత చోటు తీసుకుంటుందో, రాయి తీసి కడగడం ఎంత కష్టమో, బాగుచేసేవాళ్లు దగ్గర్లో దొరుకుతారా అన్నవి కావాలి. అలాంటి వీడియో టైటిల్‌లో నేను లీటర్లూ, ఎన్నాళ్లు వాడామన్నదీ, ఏ సంవత్సరం ధరో అన్నదీ తప్పక రాస్తాను. ధర మారిపోయాక పాత అంకె టైటిల్‌లో అలాగే ఉంటే నమ్మకం పోతుంది.

ఊరికే చూసేవాళ్ల విషయంలో మాత్రం ఈ పద్ధతికి పెద్దగా పని లేదు. బెంగళూరులోనే వి.వి.పురం తిండి వీధిలో తీసిన వీడియోలకి మా చూపరులు వెతుక్కుంటూ రావడం తక్కువ. హోమ్ పేజీలో ఎదురుపడితే నొక్కుతారు. అక్కడ ela, best లాంటి మాటలు టైటిల్‌ని పాఠంలా మార్చేస్తాయి. ఆ చోటి పేరు, కళ్లకి కనబడే ఒక వంటకం పేరు ఉంటే చాలు, మిగతాది థంబ్‌నెయిల్ చూసుకుంటుంది.

ఎవరైనా మొదలుపెడితే ఒక్కటి గమనించండి. టైటిల్‌కి వంద అక్షరాల దాకా చోటు ఉన్నా, ఫోన్‌లో చివర తెగిపోతుంది. కాబట్టి ఉద్దేశం చెప్పే మాట ముందే రావాలి. టైటిల్ మార్చిన మర్నాడే అంకెలు చూసి టెన్షన్ పడొద్దు, వెతికి వచ్చేవాళ్లు కొద్దిమందే ఉన్న వీడియోకి నెల దాకా ఏమీ తేలదు. అప్పటికీ ఎక్కువమంది నొక్కుతూ త్వరగా వెళ్లిపోతుంటే మళ్లీ టైటిల్ మార్చడం దండగ. వీడియో మొదటి అర నిమిషాన్ని చూడండి, అడిగినది అక్కడ మొదలయిందో లేదో తెలుస్తుంది. లేకపోతే స్టూడియో ఎడిటర్‌లోనే ఆ ముందు భాగాన్ని కత్తిరించవచ్చు, మేము అదే చేస్తున్నాం.