మేలో విశాఖ, అరకు: వాతావరణ సూచన చూసి గది ఎంచుకోవడం

హైదరాబాదు నుంచి విశాఖకు బయలుదేరే ముందు రెండు ఊళ్ల వాతావరణ సూచనలను ఫోనులో పక్కపక్కన పెట్టి చూశాం. గరిష్ఠం హైదరాబాదుకు 40 డిగ్రీలు, విశాఖకు 34. ఈ అంకెలే చూస్తే చల్లని చోటికి వెళ్తున్నామనే అనుకోవాలి. కింద ‘ఫీల్స్ లైక్’ వరుస వేరే సంగతి చెప్పింది: హైదరాబాదుకు 39, విశాఖకు 44.

తేడా అంతా తేమది. మధ్యాహ్నం హైదరాబాదు గాలిలో తేమ 20 శాతమే ఉంది. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. విశాఖలో 65 శాతం. అక్కడ చెమట కారడమే గానీ ఆరడం ఉండదు. ఆ ఉక్కపోతను లెక్కగట్టి చెప్పే అంకే ‘ఫీల్స్ లైక్’.

అయితే బస విషయం తేల్చేది గరిష్ఠం కాదు, కనిష్ఠం. అది సాధారణంగా తెల్లవారుజామున నమోదవుతుంది. విశాఖకు 28 చూపించింది. అంటే మనం పడుకునే వేళకు వేడి అంతకంటే ఎక్కువే. రాత్రి తేమ 85 శాతానికి చేరితే ఆ 28 కూడా 33లా అనిపిస్తుంది. అందుకే సముద్రం కనిపించే ఏసీ లేని గదిని వదిలి, అదే అద్దెకు రెండు వీధులు లోపల ఉన్న ఏసీ గది తీసుకున్నాం. అమ్మకు హాయిగా నిద్ర పట్టింది. కిటికీలోంచి సముద్రం కనిపించకపోయినా నాకు ఆ ఎంపికే సరైనదనిపించింది.

ఒక జాగ్రత్త ఉంది. ఈ లెక్క నీడలో, చిరుగాలిలో ఉన్న మనిషికి వేసింది. నేరుగా ఎండలో నిలబడితే మరో 8 డిగ్రీల దాకా కలవవచ్చు. కాబట్టి రామకృష్ణా బీచికి ఉదయం ఎనిమిది లోపే వెళ్లి వచ్చాం, కైలాసగిరిని సాయంత్రానికి పెట్టుకున్నాం. లెక్కించే పద్ధతి యాప్‌ను బట్టి మారుతుంది గనుక, రెండు ఊళ్లను పోల్చేటప్పుడు ఒకే యాప్ చూడాలి.

అరకుకు వెళ్లేవారు విశాఖ సూచనను నమ్ముకోకుండా ఆ ఊరి పేరుతోనే వెతకాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ అది. మాకు గరిష్ఠం 32, కనిష్ఠం 20, ‘ఫీల్స్ లైక్’ 33 చూపించింది. అక్కడ ఏసీకి డబ్బు పెట్టనక్కర్లేదు. ఫ్యాను, దుప్పటి, ఉదయం వేడినీళ్లు ఉంటే చాలు. మా లాడ్జిలో మూడూ ఉన్నాయి. కాకపోతే సాయంత్రం ఉరుముల వానకు కరెంటు పోయి చాలాసేపు రాలేదు. గది తీసుకునే ముందు జనరేటరు ఉందా అని అడగండి.