రివార్డులు ఆలస్యమైతే బ్యాకర్లకి ఏది ముందు రాయాలి: కారణమా, లెక్కా?

బరంపురం, పర్లాకిమిడి వైపు ఆన్‌లైన్‌లో డబ్బు పోగేసి చిన్న ప్రాజెక్టులు చేస్తున్న మన తెలుగు కుర్రాళ్లు ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. డబ్బిచ్చిన బ్యాకర్లకి బదులుగా ఇస్తామన్న రివార్డులు చెప్పిన నెలకి పంపలేకపోయాం, అప్‌డేట్ ఎలా రాయాలి? ఎందుకు ఆలస్యమైందో ముందు చెప్పాలా, డబ్బు ఏమైందో ముందు చెప్పాలా? రెండూ రాయాల్సిందే, అందులో తేడా లేదు. కానీ ఫోన్‌లో చదివేవాళ్లు మొదటి నాలుగు వాక్యాలు చూసి మిగతాది వదిలేస్తారు కాబట్టి, ముందు ఏది వస్తుందన్నది చిన్న విషయం కాదు.

ఆలస్యం ఈ రంగంలో కొత్తేమీ కాదు. ఈథన్ మాలిక్ అనే పరిశోధకుడు ఇలా డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్ అనే సైటులోని ప్రాజెక్టులను పరిశీలించి 2014లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వస్తువులు ఇస్తామన్న ప్రాజెక్టుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన సమయం దాటాకే ఇచ్చాయి. ఆయనే 2015లో బ్యాకర్లను అడిగి చూస్తే, సుమారు 9 శాతం ప్రాజెక్టులు రివార్డులు ఇవ్వనే లేదని తేలింది. డబ్బిచ్చినవాళ్ల టెన్షన్ ఈ రెండో అంకె గురించే. రెండు నెలలు లేటైతే ఓర్చుకుంటారు. తాము ఆ తొమ్మిది శాతంలో పడ్డామా అన్నదే వాళ్లకి తేలాలి. ఏ పద్ధతి ఈ అనుమానం ముందు తీరుస్తుందో అదే మేలని నా అభిప్రాయం.

ఈమధ్య ఒక బరంపురం బృందం రాసిన చిత్తుప్రతి చూశాను. వాళ్లెవరో తెలియకుండా అంకెలు మార్చి చెబుతున్నాను. బరంపురం పట్టు నేసే మన దేరా వీధుల నేతగాళ్ల మీద ఫొటోల పుస్తకం వాళ్ల ప్రాజెక్టు. వచ్చింది 4,00,000 రూపాయలు. 300 మందికి పుస్తకం, అందులో ఎక్కువ ఇచ్చిన 100 మందికి కుంభం అంచు పట్టు కండువా కూడా ఇస్తామన్నారు.

చిత్తుప్రతిలో కారణమే ముందుంది. 'కొన్ని అనివార్య కారణాల వల్ల ఆలస్యం జరిగింది, త్వరలోనే అందజేస్తాం' అని మొదలై, వానలు, పెళ్లిళ్ల సీజను, ప్రెస్సువాళ్ల ఇబ్బందులు వరసగా వచ్చాయి. ఈ పద్ధతికీ బలం ఉంది. కారణం నిర్దిష్టంగా ఉంటే చదివేవాళ్లు పని లోపలికి వస్తారు. 'వానలు తెరిపివ్వక పడుగు ఆరుబయట సాగదీసి ఆరబెట్టడం కుదరలేదు, అందుకే 40 కండువాలు మగ్గం ఎక్కలేదు' అంటే వెంటనే నమ్ముతారు. 'అనివార్య కారణాలు' అంటే నమ్మరు. కాబట్టి కారణం ముందు రాయాలనుకునేవాళ్లు ఆ ఒక్క మాట తీసేసి, ఏ పని ఎక్కడ ఆగిందో రాస్తే సగం మెరుగైనట్టే. అయినా ఎంత బాగా రాసినా కారణం గడిచిపోయిన సంగతే చెబుతుంది. కండువా వస్తుందా రాదా అన్నది దాంతో తేలదు.

ఇక లెక్క. వాళ్ల చిత్తుప్రతి చివర్లో ఒక రంగుల వృత్తం ఉంది: '54 శాతం ఖర్చయింది, 46 శాతం మిగిలింది.' అంకెలు నిజమే, కానీ అవి ఏమీ చెప్పవు. ఒక్క పుస్తకమూ రాకుండానే సగానికి పైగా అయిపోయిందా అని కొందరు బెదురుతారు, ఇంకా సగం ఉంది కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఇద్దరికీ ఆధారం లేదు. శాతాలు తీసేసి రూపాయల్లో రాయించాం.

ఖర్చయినవి మూడు. ప్లాట్‌ఫారం ఫీజు, పేమెంట్ ఛార్జీలు కలిపి 36,000. ఫొటోలకి, పేజీల లేఅవుట్‌కి 78,000. నేతగాళ్లకి 1,02,000. మొత్తం 2,16,000. బ్యాంకులో ఉన్నది 1,84,000.

ఇక్కడే చాలామంది పొరపడతారు. నేతగాళ్లకి ఇచ్చిన 1,02,000 అంతా ఒకటే రకం ఖర్చు కాదు. కండువా ఒక్కటి 1,500 చొప్పున, చేతికొచ్చిన 60 కండువాలకి 90,000. మిగతా 12,000 ఇంకా నేయాల్సిన 40 కండువాల కోసం ఇచ్చిన అడ్వాన్సు. అడ్వాన్సుని విడిగా చూపించకపోతే డబ్బిచ్చాం కాబట్టి వస్తువు వచ్చేసిందని చదివేవాళ్లు అనుకుంటారు. రేపు అది రాకపోతే అబద్ధం చెప్పారంటారు.

తర్వాత, వాళ్ల చిత్తుప్రతిలో అసలే లేని వరస: ఇంకా ఎంత కావాలి? 40 కండువాలకి అడ్వాన్సు పోను 48,000. పుస్తకం ఒక్కోటి 350 చొప్పున 300 ప్రతులకి 1,05,000. ప్యాకింగు, పోస్టు ఒక్కో పార్సిలుకి 90 చొప్పున 27,000. మొత్తం 1,80,000. చేతిలో 1,84,000 ఉంది కాబట్టి పని పూర్తవుతుంది. మిగిలేది 4,000 మాత్రమే. పార్సిలుకి 15 రూపాయలు పెరిగితే 4,500 అదనంగా కావాలి, అంటే 500 తక్కువ పడుతుంది. ఇంత అంచు మీద ఉన్నామని వాళ్లకే అప్పటిదాకా తెలియదు. లెక్క ముందు రాయమని నేను పట్టుబట్టేది అందుకే. కారణం గుర్తుండేదాన్ని బట్టి రాసేయొచ్చు, ఈ వరస రాయాలంటే ప్రెస్సుకి, పోస్టాఫీసుకి వెళ్లి ఇవాళ్టి రేటు అడగాలి.

చివరికి మొదటి పేరా ఇలా తేలింది: 'పుస్తకాలు, కండువాలు రెండూ మీకు అందుతాయి. అందుకు ఇంకా 1,80,000 కావాలి, మా దగ్గర 1,84,000 ఉంది. 60 కండువాలు సిద్ధం, 40 నేయాలి. పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్లలేదు.' వానల సంగతి రెండో పేరాకి వెళ్లింది, అక్కడ అది బాగా కుదిరింది కూడా.

తేదీ ఇవ్వాలా వద్దా అనీ అడుగుతారు. ఒకటే తేదీ కన్నా, ఏది అయ్యాక ఏది అవుతుందో చెప్పడం నయం. 'ప్రూఫులు ఓకే అయిన నాలుగు వారాలకి అచ్చు, తర్వాత రెండు వారాల్లో పోస్టు' అంటే ఆలస్యమైనా ఎక్కడ ఆగిందో వాళ్లకే అర్థమవుతుంది. మగ్గం పని మీద ఆధారపడ్డవాళ్లు మాత్రం పెళ్లి ముహూర్తాలు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర చూసుకోకుండా ఏ గడువూ రాయొద్దు. ఆ రోజుల్లో మన వీధుల్లో మగ్గం ముందు మనిషి కూర్చోడు.

వీడియో అప్‌డేట్ సరదాగా ఉంటుంది కానీ లెక్క వెతుక్కోవడానికి పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో ముక్కలు ముక్కలుగా చెప్పడం అసలే వద్దు.

లెక్క చూస్తే డబ్బు చాలదని తేలితే ఏం చేయాలి? అప్పుడూ లెక్కే ముందు. కిక్‌స్టార్టర్ నియమాలు ఈ విషయంలో మంచి కొలత, మీరు వేరే ప్లాట్‌ఫారంలో ఉన్నా సరే. ఏ పని అయింది, డబ్బు ఎలా వాడారు, ఎందుకు పూర్తి చేయలేకపోతున్నారు అన్నది అప్‌డేట్‌లో చెప్పాలి. మిగిలిన డబ్బుని రివార్డు అందనివాళ్లకి వాళ్లిచ్చిన దాని నిష్పత్తిలో తిరిగి ఇవ్వాలి, లేదా దాంతో ప్రాజెక్టుని వేరే రూపంలో ఎలా పూర్తి చేస్తారో వివరించాలి. ఈ బరంపురం బృందానికి 500 తక్కువ పడితే ప్యాకింగులో సర్దుకోవచ్చు. 40,000 తక్కువైతే మాత్రం గట్టి అట్ట మానేసి మెత్తటి అట్టతో అచ్చు వేస్తాం, ఒప్పుకోనివాళ్లకి వాళ్ల వంతు వెనక్కిస్తాం అని రాయాలి. అదీ అచ్చుకి ఆర్డరు ఇవ్వకముందే రాయాలి. ప్రెస్సుకి అడ్వాన్సు కట్టేశాక తిరిగి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు.