మూడు వేసవుల తర్వాత నా డ్రిప్ కంట్రోలర్: నేర్చుకోవడమే దాని గొప్ప, అదే దాని రోగం

బోర్డు, రిలేలు, సోలెనాయిడ్ వాల్వుల గురించి రాయను. ఎవరు కట్టినా అవి దాదాపు ఒకేలా ఉంటాయి. నల్లగొండ వైపు మూడెకరాల బత్తాయి తోటకు నేనే డిజైన్ చేసుకున్న ఈ కంట్రోలర్‌లో నన్ను మురిపించిందీ, ఏడిపించిందీ ఒకటే: ఎన్ని నిమిషాలు నీళ్లివ్వాలో అది సొంతంగా నేర్చుకోవడం.

పద్ధతి సులువే. ఎకరానికో వాల్వు, వాల్వుకో తేమ సెన్సర్. నీళ్లు పెట్టాక తేమ అనుకున్న గీత దాటకపోతే మర్నాడు 10 శాతం ఎక్కువ సేపు, దాటితే కొంచెం తక్కువ సేపు. మొదటి వేసవిలో మబ్బు పట్టిన వారం అది తనంతట తాను నీళ్లు తగ్గించడం చూసి కనబడిన ప్రతివాడికీ చెప్పాను.

రెండో వేసవి మే నెలలో మా మరదలి పెళ్లికి వెళ్లి పది రోజులు తోట ముఖం చూడలేదు. వచ్చిన రోజు గట్టు మీదే పక్క చేను మామ ఆపాడు. "ఏంది అల్లుడా, మూడో ఎకరంల ఆకు పండుబారుతోంది. నీ మిషిన్ నీళ్లు ఆపుతలేదా?" ఫోన్ తీసి చూస్తే మూడో వాల్వు టైమ్ 50 నిమిషాల నుంచి 130కి ఎక్కి ఉంది. రోజుకు 10 శాతం చొప్పున పది రోజులు పెరిగితే సరిగ్గా అంతే. చెట్టుకు గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు. అంటే నాలుగేళ్ల చెట్టుకు 27 లీటర్లు చాలనుకున్న చోట 69 లీటర్లు పోతున్నాయన్నమాట. బత్తాయికి మొదలు దగ్గర తడి ఆరకపోతే బంక తెగులు భయం ఎటూ ఉంటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విచిత్రం ఏమిటంటే, అప్పటికీ సెన్సర్ "ఎండిపోయింది" అనే చెబుతోంది. ఈ కెపాసిటివ్ సెన్సర్లలో అంకె పెరిగితే పొడి, తగ్గితే తడి. మిగతా రెండు ఎకరాల్లో నీళ్లు పెట్టిన గంటకు 1900 నుంచి 1650కి దిగుతుంటే, ఇక్కడ 2480 దగ్గరే ఉంది, మహా అయితే 20 అటూ ఇటూ. పాతిపెట్టే ముందు టేబుల్ మీద గాలిలో పెట్టి చూసిన అంకెను డబ్బా మూత లోపల మార్కర్‌తో రాసుకున్నాను: 2550. అది చూశాక గానీ వెలగలేదు. సెన్సర్ కొలుస్తున్నది మట్టిని కాదు, గాలిని.

పారతో తవ్వాను. మొదటి రెండు ఎకరాలూ ఎర్ర చెలక, మూడోది నల్లరేగడి. డ్రిప్పర్‌కు అడుగు దూరంలో, తడి సరిగా చేరని అంచున పాతాను. ఎండకు అక్కడి రేగడి కుంచించుకుపోయి సెన్సర్ రేకును వదిలేసింది, పక్కన రూపాయి బిళ్ళ దూరేంత సందు. డ్రిప్పర్ కింది మట్టి మాత్రం పిసికితే ముద్దయి వేళ్లకు అంటుకుంది.

అక్కడి మట్టినే జల్లించి, నీళ్లతో జారుగా కలిపి గుంతలో పోసి, అందులో సెన్సర్ దింపాను. ఈసారి డ్రిప్పర్‌కు జానెడు దూరంలోనే. ఆ పైన, మొదటి రోజే రాసి ఉండాల్సిన రెండు లైన్లు రాశాను:

```
if (drop < 100) learn = false;
minutes = constrain(minutes, 20, 70);
```

నీళ్లు పెట్టిన గంటకు అంకె కనీసం 100 తగ్గకపోతే ఆ రోజు పాఠం చెల్లదు, పాత టైమే నడుస్తుంది, నాకు మెసేజ్ వస్తుంది. లోపం సెన్సర్‌దే కానక్కర్లేదు, వాల్వు తెరుచుకోకపోయినా ఇదే మెసేజ్. ఏమైనా 70 నిమిషాలు మాత్రం దాటదు. ఈ వేసవిలో మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు మళ్లీ రేగడి సందే, ఒకసారి కరెంటు పోయి మోటార్ ఆడలేదు.

మొదటి ఏడాది నీళ్లు బాగా ఆదా అయ్యాయని అందరికీ చెప్పాను కదా, అందులో ఈ నేర్చుకోవడం వాటా ఎంతో ఇప్పుడు నాకే అనుమానం. అంతకుముందు ఆటో స్టార్టర్ పెట్టి కరెంటు ఉన్నంతసేపూ బోరు వదిలేసేవాళ్లం. మామూలు టైమర్ పెట్టినా సగం ఆదా వచ్చేదేమో.

నేను 40 కిలోమీటర్ల దూరంలో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకోసారి తోటకు వెళ్లేవాణ్ణి కాబట్టి నాకిది పనికొస్తోంది. రోజూ చేను చూసుకునే మామకు పెట్టుకోమని చెప్పలేను, ఆయన అడగనూ లేదు. ఎర్ర నేలల్లో ధైర్యంగా వాడుతున్నా. మూడో ఎకరంలో మాత్రం ఏప్రిల్, మే నెలల్లో నేర్చుకోవడం ఆపేసి 50 నిమిషాలకు కట్టేశాను. వానలు పడి నెర్రెలు మూసుకున్నాక మళ్లీ ఆన్ చేస్తా.