బ్లాక్ ఫారెస్ట్‌కు కారులో: స్టీరింగ్ ఎవరు పట్టాలి?

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడి దగ్గరకు సెప్టెంబరులో వెళ్లాను. ఇద్దరం కలిసి కారులో బ్లాక్ ఫారెస్ట్ చూడాలనుకున్నాం. మా ఇద్దరివీ భారతీయ లైసెన్సులే, ఇద్దరి దగ్గరా గడువున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లూ ఉన్నాయి. అయినా చట్టప్రకారం కారు నడపగలిగింది నేనొక్కడినే. ఆ దేశంలో మొన్ననే అడుగుపెట్టిన నాకు అనుమతి ఉంది, అక్కడే కాపురం ఉంటున్న అతనికి లేదు.

కారు అద్దెకిచ్చే సంస్థ కౌంటరులో ఈ విషయం ఎవరూ ఎత్తలేదు. రెండు లైసెన్సులు, రెండు పర్మిట్లు చూసి, కొంచెం అదనపు రుసుము కడితే అతని పేరు కూడా రెండో డ్రైవరుగా రాస్తామన్నారు. కార్డు చెల్లుతుందా, వయసు సరిపోతుందా అన్నవే వాళ్లు చూస్తారు. మీరు ఆ దేశంలో ఎప్పటి నుంచి నివసిస్తున్నారని అడగరు. తాళాలు చేతికిచ్చారు కాబట్టి నడిపే హక్కు ఉన్నట్టేనని అనుకోకూడదు. అందుకే అతని పేరు వద్దన్నాం.

లెక్క ఇలా ఉంటుంది. పర్యాటకుడు తన సొంత దేశపు లైసెన్సుతో నడపవచ్చు. అది జర్మన్ భాషలో లేకపోతే అనువాదమో, అంతర్జాతీయ పర్మిటో తోడుండాలి. నివాసం ఏర్పరచుకున్నవారికి మాత్రం ఆ రోజు నుంచి ఆరు నెలలే గడువు. మొత్తం ఏడాదికి మించి ఉండబోమని రుజువు చూపగలిగితే దాన్ని మరో ఆరు నెలల వరకు పొడిగించే వీలుంది. మిత్రుడు జనవరి మొదట్లో అక్కడికి మారి నివాసం నమోదు చేయించుకున్నాడు, కాబట్టి జులై మొదట్లోనే అతని గడువు ముగిసింది. పర్మిటు మీద డిసెంబరు వరకు తేదీ ఉన్నా దానికి విలువ లేదు. ఆ పర్మిటు పని లైసెన్సును చదవగలిగేలా చేయడమే, సొంతంగా అది ఏ హక్కూ ఇవ్వదు. గడువు దాటాక నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. దానికి జరిమానా గాని, ఏడాది వరకు జైలు గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ తాను చెల్లించిన సొమ్ములో కొంత నడిపినవారి నుంచి రాబట్టుకోవచ్చు.

ప్రయాణం సంగతికి వస్తే, బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయ్‌డెన్‌స్టాట్ వరకు కొండల మీదుగా సాగే బి500 రహదారి కోసం కారు తీసుకోవడం ఎంతైనా సమంజసం. ఆగాలనిపించిన చోటల్లా ఆగవచ్చు. టిటిజే సరస్సు దగ్గర బస చేసినప్పుడు మాత్రం కారు అవసరమే అనిపించలేదు. ఆ ప్రాంతంలో చాలా ఊళ్లలో రాత్రి బస చేసే అతిథులకు కోనుస్ అనే కార్డు ఇస్తారు. దానితో అడవి ప్రాంతమంతా బస్సుల్లో, స్థానిక రైళ్లలో ఉచితంగా తిరగవచ్చు. గడువు దాటిన లైసెన్సుతో ఉన్నవారికి నేను సూచించేది ఇలాంటి బసే. గది తీసుకునే ముందు ఆ కార్డు ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి.

తిరిగొచ్చాక మిత్రుడు మార్పిడి పని మొదలుపెట్టాడు. జపాన్, దక్షిణ కొరియా వంటి కొన్ని దేశాల లైసెన్సులకు పరీక్ష లేకుండానే జర్మన్ లైసెన్సు ఇస్తారు. ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి కంటి పరీక్ష, ప్రథమ చికిత్స తరగతి, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష అన్నీ తప్పవు. రాత పరీక్ష ఇంగ్లిషులో రాయవచ్చు, తెలుగులో లేదు. రోడ్డు పరీక్షలో సూచనలు జర్మన్‌లో ఇస్తారు.

అయితే ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఇప్పటికే లైసెన్సు ఉన్నవారు శిక్షణ తరగతులు, రహదారి మీద, రాత్రివేళ నడిపే తప్పనిసరి పాఠాలు పూర్తి చేయనక్కరలేదు. రోడ్డు పరీక్షకు హాజరు కావడానికి మాత్రం ఒక డ్రైవింగ్ స్కూలు ద్వారానే వెళ్లాలి. మొదట వెళ్లిన స్కూలు కొత్తగా నేర్చుకునేవారికి అమ్మే మొత్తం ప్యాకేజీనే అంటగట్టబోయింది. రెండో స్కూలువారు ముందుగా ఒకసారి పక్కన కూర్చుని నడిపించి చూసి, లోపమున్న చోట మాత్రమే పాఠాలు తీసుకోమన్నారు. నా దృష్టిలో స్కూలును ఎంచుకోవడానికి ఇదే సరైన కొలత. ఎన్నో ఏళ్లుగా నడిపినా మనవాళ్లు తడబడేది రెండు చోట్ల: గుర్తులు లేని కూడలిలో కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వడం, కుడికి తిరిగే ముందు భుజం మీదుగా వెనక్కి చూసి సైకిలు ఉందేమో గమనించడం. పరీక్షకుడు ఈ రెండింటినీ వదిలిపెట్టడు.

దరఖాస్తు మాత్రం నివాసం నమోదైన మొదటి నెలలోనే పెట్టుకోవాలి. కార్యాలయంలో సమయం దొరకడానికి, పరీక్ష తేదీలు రావడానికి వారాలు పడుతుంది, ఆరు నెలలు ఇట్టే కరిగిపోతాయి. కొత్త కార్డు ఇచ్చేటప్పుడు పాత లైసెన్సు అప్పగించాలి, కనుక దాని రెండు వైపులా నకలు ముందే తీసి పెట్టుకోవడం మంచిది.